నంబర్ సిరీస్ నోటుబుక్: తేడాల వరుస ఊగుతోందా, లేదా?

1వ రోజు

నిన్నటి మాక్ టెస్టులో నంబర్ సిరీస్ ప్రశ్నలు ఐదు వచ్చాయి. రెండు చేశాను, మూడు పోయాయి. మార్కుల కన్నా టైం గురించే ఎక్కువ బాధ. ఆ ఐదింటికి ఆరు నిమిషాలు పోశాను. బ్యాంకు ప్రిలిమ్స్‌లో క్వాంట్‌కి 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంటే ఒక్కోదానికి 34 సెకన్లు. నేను రెండింతలు దాటాను.

జవాబులు చూసుకుంటే మూడింటికీ నోట్లోంచి ఒకటే మాట వచ్చింది: "ఓస్, ఇంతేనా!" నాకు తెలియని నియమం ఒక్కటీ లేదు. ఏది ముందు చూడాలో, ఎప్పుడు వదిలేయాలో తెలియలేదు. ఒక సిరీస్ చూడగానే వర్గాలేమో అనుకుంటాను, కాకపోతే ప్రధాన సంఖ్యలేమో, కాకపోతే ఘనాలేమో. గదిలో తాళంచెవి పోతే మంచం కింద ఒకసారి, జేబులో ఒకసారి, మళ్లీ మంచం కింద ఒకసారి వెతికినట్టు.

అందుకే ఈ నోటుబుక్. నంద్యాలలో మా గదిలో నాతో పాటు ఉండే తమ్ముడు (సొంత తమ్ముడు కాదు, రూమ్మేట్, నాకన్నా రెండేళ్లు చిన్న) పాత పేపర్లలోంచి 60 సిరీస్‌లు ముక్క కాగితాల మీద రాసి పెట్టాడు. జవాబులు వాడి దగ్గరే. పుస్తకంలో చేస్తే "డబుల్ డిఫరెన్స్" అని చాప్టర్ పేరు పైనే ఉంటుంది, సగం జవాబు అదే చెప్పేస్తుంది. కాగితాలు కలిపేస్తే ఆ సాయం ఉండదు. ప్రతి కాగితానికీ నోటుబుక్‌లో నాలుగు గడులు: సిరీస్, నాకు మొదట తట్టిన ఆలోచన, అసలు నియమం, పట్టిన సెకన్లు.

మొదటి 20 కాగితాలకి 19 నిమిషాలు పట్టింది, 11 కరెక్ట్. తప్పిన తొమ్మిదిలో ఆరింటికి కారణం రెండో గడిలోనే కనిపించింది. మొదట తట్టిన ఆలోచన తప్పు, అయినా దాన్నే పట్టుకుని వేలాడాను.

3వ రోజు

ఇవాళ ఒక నిర్ణయం. సిరీస్ చూడగానే ఏమీ అనుకోకూడదు. ముందు కింద తేడాలు రాయాలి, ప్లస్ మైనస్ గుర్తులతో సహా. తర్వాతే ఆలోచన. ఆరేడు పదాలకి తేడాలు రాయడానికి నాకు ఎనిమిది పది సెకన్లు పడుతోంది. దండగ అనిపించింది గానీ మొదటి కాగితానికే పని చేసింది.

```
7   12   10   18   13   24   16   ?
 +5   -2   +8   -5  +11   -8
```

గుర్తులు ఒకటి ప్లస్, ఒకటి మైనస్. పైన సంఖ్యలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయంటే ఇందులో రెండు సిరీస్‌లు అల్లుకుని ఉన్నాయని మొదటి అనుమానం. విడదీస్తే 7, 10, 13, 16 ఒకటి. 12, 18, 24 రెండోది. తర్వాతది 30. తేడాల వరుసలో కూడా అదే కనిపిస్తుంది: ప్లస్‌లు 5, 8, 11 కాబట్టి తర్వాత 14, 16+14=30. రెండు దారుల్లోనూ ఒకే జవాబు.

రెండో కాగితం దగ్గర ఆగిపోయాను.

```
5   10   7   14   11   22   19   ?
 +5   -3   +7   -3  +11   -3
```

ఇదీ ఎక్కి దిగుతోంది. అలవాటు కొద్దీ విడదీశాను: 5, 7, 11, 19 అంటే తేడాలు 2, 4, 8. రెండోది 10, 14, 22, తేడాలు 4, 8, కాబట్టి తర్వాత 16, జవాబు 38. తమ్ముడు నవ్వాడు. "అన్నా, రెండుతో గుణించు, మూడు తీసెయ్, అంతే కదా!" నిజమే. 5×2=10, 10−3=7, 7×2=14, 14−3=11. చివరి 19×2=38. తేడాల్లో −3, −3, −3 అని కళ్ల ముందే ఉంది, చూడలేదు.

జవాబు మాత్రం ఒకటే వచ్చింది. అది యాదృచ్ఛికం కాదు. ఒక అడుగు రెట్టింపు, ఒక అడుగు మూడు తీసివేత అయితే, ఒకటి విడిచి ఒకటి చూసినప్పుడు ప్రతి పదం "రెట్టింపు చేసి మూడు తీసెయ్" అనే నియమంలోనే పెరుగుతుంది (5 నుంచి 7, 7 నుంచి 11, 11 నుంచి 19). సరిస్థానాల్లో అదే నియమం కొంచెం మారి "మూడు తీసేసి రెట్టింపు చెయ్" అవుతుంది. అంటే మారుమారు లెక్కలు ఉన్న సిరీస్‌ని రెండుగా విడదీయడం తప్పు దారి కాదు, చుట్టు దారి. నాకు 50 సెకన్లు, వాడికి 15.

నోటుబుక్‌లో రాసుకున్నది: తేడాలు ఊగుతుంటే, విడదీసే ముందు ఒకటి విడిచి ఒకటిగా తేడాలనే చూడు. అందులో ఒక జట్టు కదలకుండా ఒకే సంఖ్యగా ఉంటే, అది ఒక అడుగు. మిగతా అడుగు గుణకారమో కాదో పైన చూడు.

4వ రోజు

పైన సంఖ్యలు అసలు దిగకుండా పెరుగుతూనే పోతే మారుమారు నియమం ఉండదని ఇన్నాళ్లూ నాలో ఒక నమ్మకం ఉండేది. ఇది చూడండి.

```
3   6   8   16   18   36   38   ?
 +3  +2  +8   +2  +18   +2
```

సంఖ్యలు దిగవు. కానీ తేడాల వరుస ఊగుతోంది: 3, 2, 8, 2, 18, 2. ఒక అడుగు రెట్టింపు, ఒక అడుగు రెండు కలపడం. జవాబు 76. కాబట్టి చూడాల్సింది పై వరుస ఊగుతోందా అని కాదు, తేడాల వరుస ఊగుతోందా అని. ఈ ఒక్క మార్పుతో మొదటి రోజు తప్పిన తొమ్మిదిలో మూడు ఇవాళ తేలిపోయాయి.

7వ రోజు

ఈ మూడు రోజులూ ఊగని సిరీస్‌లే చేశాను. తేడాలు నెమ్మదిగా పెరిగితే, కింద ఇంకో వరుస.

6, 11, 21, 36, 56 తేలిక. తేడాలు 5, 10, 15, 20. వాటి తేడా ఎప్పుడూ 5. తర్వాతి తేడా 25, జవాబు 81. కోచింగ్‌లో దీన్నే డబుల్ డిఫరెన్స్ అంటారు. రెండో వరుసలో ఒకే సంఖ్య వస్తే, ఆ సిరీస్‌ వెనక స్థానసంఖ్య వర్గం ఉన్న సూత్రం ఉందని అర్థం. ఆ సూత్రం కట్టక్కర్లేదు, కింది నుంచి పైకి కూడుకుంటూ రావడమే.

ఇవాళ్టి అసలు కథ ఇంకో కాగితానిది: 41, 43, 47, 53, 61, 71, ? తమ్ముడు నాతో పాటు స్టాప్‌వాచ్ పెట్టుకుని చేస్తున్నాడు. మూడు సెకన్లలో "ప్రైమ్ నంబర్సే అన్నా, 73" అన్నాడు. అన్నీ ప్రధాన సంఖ్యలే, 71 తర్వాత వచ్చేది 73 అన్న మాటా నిజమే. ఆప్షన్లలో 73 ఉంది కూడా. నేను తేడాలు రాశాను: 2, 4, 6, 8, 10. తర్వాత 12, జవాబు 83. అదీ ప్రధాన సంఖ్యే! వాడు ఒప్పుకోలేదు. అప్పుడు 53కీ 61కీ మధ్య ఉన్న 59ని చూపించాను. ప్రధాన సంఖ్యల వరుసే అయితే 59ని ఎందుకు దాటేసింది? "చూడలేదు" అన్నాడు. ఇచ్చిన పదాలన్నిటినీ నియమం పుట్టించాలి, ఒక్కటీ మధ్యలో మిగలకూడదు, ఒక్కటీ జారకూడదు.

ఈ వరుసకి సూత్రం x² + x + 41. చార్లెస్ బాబేజ్ 1822లో తన డిఫరెన్స్ ఇంజిన్ చిన్న నమూనా మీద లెక్కించి చూపించినది ఇదే. ఆ యంత్రానికి గుణకారం రాదు, కూడిక మాత్రమే వచ్చు. రెండో తేడా ఎప్పుడూ 2 కాబట్టి కూడికే చాలు. మేము గదిలో పెన్నుతో చేస్తున్నదీ ఆ యంత్రం చేసిన పనే. ఇక x = 40 పెడితే ఈ సూత్రం 41×41 ఇస్తుంది, అంటే అక్కడితో ప్రధాన సంఖ్యల వరుస తెగిపోతుంది.

9వ రోజు

డబుల్ డిఫరెన్స్ అలవాటయ్యాక కొత్త జబ్బు మొదలైంది. ప్రతిదానికీ రెండో వరుస, మూడో వరుస రాసేస్తున్నాను. 5, 6, 10, 19, 35, 60 తీసుకుంటే తేడాలు 1, 4, 9, 16, 25. ఇక్కడే ఆగాలి. వర్గాలు కళ్ల ముందున్నాయి, తర్వాత 36, జవాబు 96. నేను మాత్రం 3, 5, 7, 9 అని రెండో వరుస, 2, 2, 2 అని మూడో వరుస రాసుకుంటూ పోయాను. జవాబు అదే వచ్చింది, 20 సెకన్లు దండగ.

ఇంకో రకం కూడా ఉంది. 3, 7, 16, 35, 74 తీసుకోండి. తేడాలు 4, 9, 19, 39. రెండో వరుస 5, 10, 20. కదలకుండా ఒకే సంఖ్య లేదు, రెట్టింపవుతోంది. రెండో వరుస రెట్టింపవుతుంటే ఇంకా కిందికి దిగి లాభం లేదు, అక్కడ మళ్లీ 5, 10 లాంటివే వస్తాయి. పైన ఎక్కడో "రెట్టింపు" ఉందని అర్థం. చూస్తే 3×2+1, 7×2+2, 16×2+3, 35×2+4. తర్వాత 74×2+5=153. కింది నుంచి కూడినా 20 తర్వాత 40, 39+40=79, 74+79=153.

అందుకని ఒక గీత గీసుకున్నాను: ప్రతి వరుస రాశాక ఒక్క క్షణం ఆగి చూడాలి. ఒకటే సంఖ్యా, సమానంగా పెరుగుతోందా, వర్గాలా, రెట్టింపా? ఏదీ కాకపోతేనే కిందికి. మూడో వరుస దాటి వెళ్లకూడదు. ప్రతి వరుసా ఒక పదాన్ని మింగేస్తుంది. ఆరు పదాలుంటే మూడో వరుసలో మిగిలేవి మూడే సంఖ్యలు. నాలుగో వరుసలో రెండే. రెండు సంఖ్యలు చూసి "ఇదీ క్రమం" అని ఎవరైనా అనొచ్చు.

10వ రోజు

పద్ధతి కుదిరిందని మురిసిపోతుంటే ఈ కాగితం వచ్చింది.

```
4   5   9   11   14   17   19   23   ?
 +1  +4  +2   +3   +3   +2   +4
```

ఎక్కడం దిగడం లేదు. తేడాల వరుస మొదట్లో ఊగినట్టే ఉంది, మధ్యలో 3, 3 వచ్చి చదునైపోయింది, చివర్లో మళ్లీ ఊగింది. రెండో వరుస +3, −2, +1, 0, −1, +2. చెత్త. ఒకటిన్నర నిమిషం కొట్టుకుని వదిలేశాను.

నిజానికి రెండు సిరీస్‌లు: 4, 9, 14, 19 (ఐదేసి), 5, 11, 17, 23 (ఆరేసి). జవాబు 24. రెండూ దాదాపు ఒకే వేగంతో, ఒకదాని పక్కన ఒకటి పెరుగుతున్నాయి కాబట్టి ఊగడం మసకబారింది. ఒక సిరీస్ పెద్ద సంఖ్యల్లో, ఇంకోటి చిన్న సంఖ్యల్లో ఉంటేనే తేడాలు గట్టిగా ఊగుతాయి. ఇది నా పద్ధతిలో ఉన్న కన్నం.

మందు దొరికింది. పక్కపక్క పదాల తేడాలతో పని కాకపోతే, ఒకటి విడిచి ఒకటి తేడా రాయాలి: 9−4, 11−5, 14−9, 17−11... వచ్చేది 5, 6, 5, 6, 5, 6. ఇక దాక్కోవడానికి చోటేది? తేడాల వరుసలోనూ గుర్తు ఉంది, ముందు పట్టించుకోలేదు: 1, 2, 3, 4 పెరుగుతుంటే మధ్యలో 4, 3, 2 తగ్గుతోంది.

13వ రోజు

రాంగ్ నంబర్ ప్రశ్నలు. ఇచ్చిన వాటిలో ఏదో ఒక సంఖ్య తప్పు, అది పట్టుకోవాలి. ఇవే నాకు ఎక్కువ టెన్షన్. తప్పు పదం పక్కన ఉన్న మంచి పదం మీద అనుమానం పడుతుంది. మొదటి రోజు ఇదే కాగితంలో 48 తప్పని రాశాను.

```
3   8   15   24   34   48   63
 5   7    9    10   14   15
   2    2    1    4    1
```

మొదటి తేడాల్లో 10, 14 రెండూ వంకరగా ఉన్నాయి. ఒక్క పదం తప్పితే దానికి రెండు వైపులా ఉన్న తేడాలు చెడతాయి. ఒకటి ఎంత తగ్గితే రెండోది అంత పెరుగుతుంది. 11 రావాల్సిన చోట 10, 13 రావాల్సిన చోట 14. రెండో వరుసలో ఇంకా స్పష్టంగా ఉంటుంది. అక్కడ వరుసగా మూడు చెడతాయి: 1, 4, 1. అన్నీ 2 ఉండాలి. ఎంత తేడా ఉందో రాస్తే −1, +2, −1. అంచుల్లో ఒక వంతు, మధ్యలో దానికి రెట్టింపు, గుర్తు తిరగబడి. ఒకే పదం తప్పు అనడానికి ఇది వేలిముద్ర లాంటిది.

మధ్యలోని 4 ఏ పదం కింద ఉందో అదే దొంగ. 4 వచ్చింది 14−10 నుంచి. ఆ రెండు తేడాలూ కలిసే పదం 34. ఎంత సరిచేయాలో కూడా ఇక్కడే తెలుస్తుంది: మధ్యలో రెండు ఎక్కువైంది కాబట్టి పదం ఒకటి తక్కువైంది. 34 బదులు 35. సరిచూస్తే 3, 8, 15, 24, 35, 48, 63, వర్గాల్లోంచి ఒకటి తీసేసినవి.

అంచుల దగ్గర మాత్రం జాగ్రత్త. తప్పు మొదటి పదంలోనో చివరి పదంలోనో ఉంటే రెండో వరుసలో ఒక్కటే చెడుతుంది. రెండో పదంలో ఉంటే రెండు చెడతాయి. అప్పుడు వేలిముద్ర సగమే దొరుకుతుంది. ఇవాళ రెండుసార్లు ఇక్కడే పడ్డాను. ఒక మూల మాత్రమే చెడి, మిగతాదంతా నీటుగా ఉంటే ఆ మూల పదాన్నే అనుమానించాలి.

15వ రోజు

రాత్రి కరెంటు పోయి, చదువు ఆగి, తమ్ముడితో వాదన. వాడి ప్రశ్న: "2, 3, 5 తర్వాత ఏంటన్నా?" 7 అనొచ్చు, ప్రధాన సంఖ్యలు. 8 అనొచ్చు, ముందు రెండూ కూడితే. రెట్టింపు చేసి ఒకటి తీస్తే 9. మూడూ సరైనవే. అంటే మూడు పదాలతో ఏ నియమమూ నిలబడదు.

నేను ఫోన్ లైటు కింద 1, 2, 4, 8, 16 రాసి, తర్వాతది 31 కూడా కావచ్చన్నాను. వాడు నమ్మలేదు. వృత్తం మీద చుక్కలు పెట్టి అన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపితే లోపల ఏర్పడే ముక్కలు 1, 2, 4, 8, 16 అవుతాయి. ఆరో చుక్క పెడితే గరిష్ఠంగా 31. వాడు గీసి లెక్కపెట్టాడు, 30 వచ్చాయి! మళ్లీ లెక్కపెట్టినా 30. చుక్కలు మరీ అందంగా సమాన దూరంలో పెట్టాడు, మూడు గీతలు నడిమధ్యలో ఒకే చోట కలిసిపోయి ఒక ముక్క మాయమైంది. ఒక చుక్క కొంచెం జరిపితే నడిమి చిన్న త్రిభుజం బయటపడి 31 అయింది.

దీన్నుంచి పరీక్షకి పనికొచ్చే ముక్క ఒకటి తీసుకున్నాను. నియమం కనిపెట్టడానికి వాడుకున్న పదాలు కాక, దాన్ని సరిచూడటానికి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలి. ఐదు పదాల డబుల్ డిఫరెన్స్‌లో రెండో వరుసలో మూడు సంఖ్యలు వస్తాయి. మొదటిది నియమం ఇస్తే, మిగతా రెండూ సాక్షులు. ఆరు పదాల్ని రెండు సిరీస్‌లుగా విడదీస్తే ఒక్కోదానికి మూడు పదాలు, రెండు తేడాలు, ఒకే సాక్షి. అందుకే పేపరు పెట్టేవాళ్లు అల్లిన సిరీస్‌లకి ఏడెనిమిది పదాలు ఇస్తుంటారు. పొడుగ్గా ఉన్న సిరీస్ కనిపిస్తే విడదీయాల్సి రావచ్చని ముందే తెలిసిపోతుంది. ఐదు పదాలే ఉంటే అల్లిక గురించి ఆలోచించడం దాదాపు మానేశాను.

18వ రోజు

నోటుబుక్ చివరి పేజీలో ఇప్పుడు ఉన్న క్రమం ఇది. గుర్తులతో తేడాలు రాయి. ఊగుతుంటే ఒకటి విడిచి ఒకటిగా తేడాల్ని చూడు, ఏదో ఒక జట్టు కదలకపోతే మారుమారు అడుగులు, రెండూ కదిలితే సిరీస్‌ని విడదీయి. ఊగకుండా నెమ్మదిగా పెరిగితే రెండో వరుస. ఒక్కసారిగా ఎగిరిపోతే (చివరి పదం ముందు దానికి రెండు మూడు రెట్లు ఉంటే) తేడాలు వదిలి భాగించి చూడు. ఏదీ కాకపోతే ఒకటి విడిచి ఒకటి పదాల తేడా. 45 సెకన్లకి ఏమీ దొరక్కపోతే వదిలెయ్, తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది.

మిగతా కాగితాల్లోంచి కలిపిన 20 ఇవాళ చేశాను. 17 కరెక్ట్, 13 నిమిషాలు. సగటున 39 సెకన్లు, ఇంకా 34కి రాలేదు. తప్పిన మూడిటిలో రెండు కూడికలో పొరపాటు, నియమం దొరికింది. మూడోది మాత్రం పద్ధతికే లొంగలేదు:

```
13   17   25   32   37   47   ?
  +4   +8   +7   +5   +10
```

తేడాలు ఊగడం లేదు, పెరగడం లేదు. రెండో వరుస +4, −1, −2, +5. ఒకటి విడిచి ఒకటి 12, 15, 12, 15. ఇక్కడ ఎగిరి గంతేశాను! 12, 15 మళ్లీ మళ్లీ వస్తున్నాయి, తర్వాత 12 అనుకుని 37+12=49 రాశాను. సాక్షుల లెక్క కూడా కుదిరింది మరి. జవాబు 58. ప్రతి సంఖ్యకీ దాని అంకెల మొత్తాన్ని కలుపుతున్నారు: 13కి 1+3, 17కి 1+7, 25కి 2+5, 47కి 4+7.

తమ్ముడు చాలాసేపు నవ్వాడు. ఆప్షన్లలో 49 ఉందా అని అడిగితే లేదన్నాడు. ఆప్షన్లు చూడకుండా రాయడం నా తప్పే. కాగితం వెనక ఎర్ర పెన్నుతో రాశాను: "తేడాలు చిన్నవి, గజిబిజి. అంకెలు కూడి చూడు." రేపటికి వాడు ఇలాంటివే పది కాగితాలు వెతికి పెడతానన్నాడు, టీ ఖర్చు నాదట.